నగల షాపుకి ఇన్సూరెన్స్ ఎలా రాయించాలి: సేఫ్‌లో సరుకు, షోకేస్‌లో సరుకు, సేల్స్‌మన్ బ్యాగులో సరుకు

నేను ఆంధ్రా బోర్డర్ పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో రెండు మూడు బంగారం షాపులకి లెక్కలు రాస్తుంటాను, అందుకని ప్రతి ఏడాదీ ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితాలు నా టేబుల్ మీదకే వస్తాయి. కొన్నాళ్ల కిందట నాకు తెలిసిన ఒక షాపులో రాత్రి షట్టర్ తాళం కోసి లోపలికి వచ్చారు. సేఫ్ మాత్రం కదపలేకపోయారు. షోకేస్‌లో ఉన్న చిన్న చిన్న కమ్మలు, ఉంగరాలు, ముక్కుపుడకలు కలిపి నలభై గ్రాముల దాకా, అవి ఊడ్చుకుపోయారు. ఓనరు గారు ధైర్యంగానే ఉన్నారు, "ఇన్సూరెన్స్ కట్టాం కదా మాస్టారూ, ఇంక భయమేటి" అన్నారు. ఆ క్లెయిములో ఆయనకి వచ్చింది సున్నా. పాలసీ ఉంది, ప్రీమియం కట్టారు, దొంగతనం నిజం, పోలీసు కేసు నిజం, అయినా సున్నా, ఎందుకంటే షాపు మూసేశాక సేఫ్ బయట వదిలేసిన సరుక్కి కవర్ లేదని పాలసీలోనే అచ్చేసి ఉంది. అది ఎవరూ చదవలేదు, నిజం చెప్పాలంటే ఆ ఏడాది నేనూ చదవలేదు.

అప్పట్నించి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. నగల షాపు పాలసీని జువెలర్స్ బ్లాక్ పాలసీ అంటారు, అది మీ దగ్గర ఎంత బంగారం ఉందని మాత్రమే అడగదు. ఆ నగ ఎక్కడుంది, ఏ టైములో, ఎవరి చేతిలో ఉంది, ఈ మూడూ అడుగుతుంది. అందుకే కింద చెప్పే పనులన్నీ ఒక నగ వెనకాల పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచినట్టు ఉంటాయి.

మొదటి పని: వారం రోజులు ఒక నోట్‌బుక్ పెట్టండి

ఏజెంట్‌కి ఫోన్ చేసే ముందు ఇది చేయండి. రోజుకి రెండుసార్లు, ఒకసారి మధ్యాహ్నం షాపు నిండుగా ఉన్నప్పుడు, ఒకసారి రాత్రి షట్టర్ దించాక, ఎక్కడ ఎన్ని గ్రాములున్నాయో రాయండి. సేఫ్‌లో ఎంత, షోకేస్‌లో ఎంత, సేల్స్‌మన్ పట్టుకెళ్లింది ఎంత, ఆచారి దగ్గర పనికి ఇచ్చింది ఎంత, రిపేరుకి వచ్చిన కస్టమర్ల నగలు ఎంత, అలాగే వెండి ఎంత. వెండి విడిగా రాయమని ఎందుకు చెప్తున్నానంటే మన వైపు షాపుల్లో అసలు తేడా అక్కడే వస్తుంది. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు కడియాలు, పట్టీలు, మొలతాళ్లు అని వెండే ఎక్కువ అడుగుతారు కాబట్టి షాపులో అది కిలోల్లో ఉంటుంది, రాత్రి చూస్తే సేఫ్‌లో పట్టదు, అందుకని అద్దాల బీరువాలో వేసి చిన్న తాళం పెట్టి వెళ్లిపోతాం. అంటే రోజూ రాత్రి అదంతా సేఫ్ బయటే.

ఈ నోట్‌బుక్ వారం రాస్తే మీకే తెలుస్తుంది, మీరు ఊహించిన అంకెకీ అసలు అంకెకీ ఎంత తేడా ఉందో. అన్నట్టు ఈ వారం మామూలు వారం అయితే, అక్షయ తృతీయ ముందు, ధన్‌తేరాస్ ముందు, మాఘమాసం పెళ్లిళ్ల ముందు ఎంత సరుకు దింపుతారో పాత కొనుగోలు బిల్లులు చూసి పక్కన రాసుకోండి, ఎందుకంటే దొంగ మామూలు వారం చూసుకుని రాడు.

రెండో పని: పాలసీలో ఏ భాగం దేనికో తెలుసుకోండి

మామూలుగా నాలుగు సెక్షన్లు ఉంటాయి. మొదటి సెక్షన్ షాపు లోపల ఉన్న సరుక్కి, నిప్పు, పిడుగు, కన్నం, దొంగతనం, దోపిడీ లాంటివి అన్నీ ఇందులోనే, ఇది లేకుండా మిగతావి ఇవ్వరు. రెండోది షాపు బయట మనిషి చేతిలో ఉన్న సరుక్కి, అంటే ఓనరు, పార్ట్‌నర్, ఉద్యోగి, బ్రోకరు, పనివాడు వగైరా. మూడోది పోస్టులో, ఎయిర్ పార్సెల్‌లో పంపే సరుక్కి. నాలుగోది ఫర్నిచర్, ఫిట్టింగులకి. బరంపురం నుంచో విశాఖ నుంచో పార్సెల్ తెప్పించుకునే అలవాటు లేకపోతే మూడోది వదిలేయొచ్చు. నాలుగోది చిన్న అంకె. మనకి తలనొప్పి అంతా మొదటి రెండిటితోనే.

మూడో పని: అంకె వేయడం, ఇక్కడ తొందర పడొద్దు

షాపు సెక్షన్‌కి వేసే మొత్తం అంటే సేఫ్‌లో ఉన్నది ఒక్కటే కాదు, షాపులో ఉన్న సరుకంతా కలిపి. ప్రీమియం తగ్గుతుందని తక్కువ వేస్తే ఏమవుతుందో ఒక లెక్క చూద్దాం. లెక్క ఈజీగా ఉండడానికి గ్రాము పది వేలు అనుకుందాం. షాపులో 1,200 గ్రాములు ఉంది, అంటే ఒక కోటి ఇరవై లక్షలు. పాలసీలో మాత్రం తొంభై లక్షలే రాయించారు. ఒక రోజు పగలు ఇద్దరు వచ్చి కత్తి చూపించి 120 గ్రాముల ట్రేలు లాక్కుపోయారు, అంటే నష్టం పన్నెండు లక్షలు. మన మనసులో ఏముంటుందంటే, తొంభై లక్షల పాలసీ ఉంది, పోయింది పన్నెండే కదా, మొత్తం వచ్చేస్తుంది అని. రాదు. యావరేజ్ క్లాజ్ అని ఒకటి ఉంటుంది, ఉన్న సరుకులో ముప్పావు వంతుకే మీరు ఇన్సూర్ చేశారు కాబట్టి నష్టంలో కూడా ముప్పావు వంతే ఇస్తారు, అంటే తొమ్మిది లక్షలు, అందులోంచి ఎక్సెస్ అని మీరు భరించాల్సిన మొత్తం మళ్లీ కోస్తారు. మిగతా మూడు లక్షలకి పైన మీ జేబులోంచే.

ఇది కావాలని తక్కువ రాసిన వాళ్లకే జరుగుతుందనుకోకండి. 2023 మొదట్లో 24 క్యారెట్ గ్రాము ఆరు వేల లోపే ఉండేది, 2025లో పది వేలు దాటింది. సరుకు అదే, గ్రాములు అవే, పాలసీలో అంకె మాత్రం "పాతదే రెన్యూ చేసేయ్ బాబూ" అని వదిలేస్తే ఏమీ చేయకుండానే సగం ఇన్సూరెన్స్‌లోకి జారిపోతారు. అందుకే రెన్యువల్‌కి ఏడాది ఆగకుండా రేటు బాగా పెరిగినప్పుడల్లా మధ్యలో అంకె పెంచమని లెటర్ ఇచ్చి ఎండార్స్‌మెంట్ కాగితం తీసుకోండి. నోటి మాట లెక్కలోకి రాదు.

దీనికి తోడు ఇంకో మెలిక ఉంది, దీన్ని ఏజెంట్లు కూడా చాలామంది చెప్పరు. పోయిన సరుకు విలువ ఎలా కడతారు? చాలా పాలసీల్లో "కొన్న ధర, దాని మీద 10 శాతం" అని ఉంటుంది. మరికొన్నిట్లో మార్కెట్ విలువ అని ఉంటుంది. ఈ ఒక్క లైను వెతికి పట్టుకోండి. కొన్న ధర పద్ధతి అయితే, గ్రాము 5,800కి కొన్న 100 గ్రాముల పాత సరుకు పోతే మీకు వచ్చేది 6,38,000, అదే వంద గ్రాములు గ్రాము పది వేల లెక్కన మళ్లీ కొనాలంటే పది లక్షలు. అంకె ఎంత పెద్దది వేసినా ఈ గోతి పూడదు, కాబట్టి మార్కెట్ విలువ మీద ఇవ్వగలరా అని రాతపూర్వకంగా అడగండి, ఇవ్వమంటే కనీసం గోతి ఎంత లోతో మీకు తెలిసి ఉంటుంది. ఏ పద్ధతిలో నష్టం కడతారో అదే పద్ధతిలో మీ మొత్తం సరుకు లెక్క వేసి అంకె రాయండి, రెండూ రెండు రకాలుగా ఉంటే, నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ దగ్గర తలకాయ నొప్పి.

నాలుగో పని: సేఫ్, దాని తాళాలు

సేఫ్ ఎంత బరువు, గోడలో బిగించారా నేల మీద ఉందా, ఏ కంపెనీది, ఇవన్నీ ప్రపోజల్ ఫారంలో అడుగుతారు, ఉన్నదున్నట్టు రాయండి. అలారం ఉందని రాసి అది పని చేయకపోతే తరవాత అదే పట్టుకుంటారు.

అసలు విషయం తాళంచెవి. తాళంచెవితో గానీ డూప్లికేట్‌తో గానీ సేఫ్ తెరిచి పట్టుకుపోతే, ఆ తాళంచెవి కొట్టి గానీ బెదిరించి గానీ లాక్కున్నది కాకపోతే, క్లెయిము ఇవ్వరు. అంటే సేఫ్ తాళంచెవి దేవుడి పటం వెనకాల పెట్టి ఇంటికి వెళ్లే అలవాటు ఉంటే (ఉంది, చాలా షాపుల్లో నేను కళ్లారా చూశాను), అర్ధరాత్రి వచ్చినవాడు అది వెతుక్కుని తెరిస్తే మీ సేఫ్ ఉన్నా లేనట్టే. తాళంచెవి రాత్రి షాపులో ఉండకూడదు. డూప్లికేట్ బ్యాంకు లాకర్లోనో ఇంట్లోనో ఉండాలి, షాపు సొరుగులో కాదు.

రాత్రి సేఫ్‌లోకి ఎంత వెళ్లిందో రాసే పుస్తకాన్ని ఆ సేఫ్‌లోనే పెట్టేస్తుంటారు కొంతమంది, సేఫ్‌తో పాటు అదీ పోతే ఏం చూపిస్తారు? ఫోటో తీసి ఇంట్లో వాళ్ల ఫోన్‌కి పంపేయండి, అర నిమిషం పని.

ఐదో పని: షోకేస్, పగలు వేరు రాత్రి వేరు

రాత్రి సంగతి మొదటే చెప్పాను. మూసే టైముకి ట్రేలన్నీ సేఫ్‌లోకి పోవాలి. పట్టని వెండి లాంటిది ఉంటే ప్రపోజల్ ఫారంలో షాపు టైము తరవాత సేఫ్ బయట ఉండే సరుకు ఎంత అని అడిగే చోట అసలు అంకె రాసి, దానికి కవర్ ఇస్తారా ఇవ్వరా, ఇస్తే ఎంతవరకు అన్నది పాలసీ షెడ్యూల్‌లో వచ్చేలా చూసుకోండి. ఒప్పుకోకపోతే ఇంకో పాత సేఫ్ కొనడమే చవక. మధ్యాహ్నం భోజనానికి మూసి వెళ్లే షాపులు కూడా ఉన్నాయి కదా మన ఊళ్లలో, ఒంటిగంట నుంచి నాలుగు దాకా, ఆ గ్యాప్ వాళ్ల లెక్కలో బిజినెస్ టైమా కాదా అని ముందే మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

పగలు షోకేస్‌లో వచ్చే గొడవ వేరే రకం. కత్తి చూపించి లాక్కుపోతే సమస్య లేదు, అది దోపిడీ. కానీ కొనడానికి వచ్చినట్టు వచ్చి, మీరు చేతికిచ్చిన ట్రేలోంచి ఒక గొలుసు నొక్కేసి ఇంకోటి పెట్టేస్తే? పాలసీలో కస్టమర్‌కి మీరు నమ్మి అప్పగించిన సరుకు ఆ కస్టమరే కాజేస్తే కవర్ లేదు అని ఉంటుంది. చూడడానికి చేతికివ్వడం అప్పగించడం అవుతుందా కాదా అని కంపెనీ ఒకటంటుంది, మీరొకటంటారు. దానికంటే పెద్ద ప్రమాదం ఏంటంటే ఆ గొలుసు పోయినట్టు మీకు నెలాఖరు స్టాక్ లెక్కలో తెలిస్తే, ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో చెప్పలేకపోతే, అది లెక్క తేలని సరుకు కింద పోతుంది, దానికి పాలసీలో చోటే లేదు.

కాబట్టి పద్ధతి మార్చుకోండి. ఒక ట్రేకి ఒక నంబరు, ఆ ట్రేలో ఎన్ని పీసులో ట్రే అడుగున చీటీ. కస్టమర్ లేచాక ట్రే లోపలికి వెళ్లే ముందు లెక్క. రాత్రి తూకం. ఇలా ఉంటే తేడా అదే రోజు బయటపడుతుంది, కెమెరాలో ఆ గంట వెతకడం వీలవుతుంది. హెచ్‌యూఐడీ నంబరున్న నగ అయితే ఆ నంబరు స్టాక్ పుస్తకంలో ఉండాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే ఆ కోడ్ లేకుండా అమ్మకూడదు కదా, ఎలాగూ ఉన్న నంబరే, పుస్తకంలో ఎక్కిస్తే పోయిన నగ ఇదీ అని చూపించడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. కెమెరా డీవీఆర్ మాత్రం కౌంటర్ కింద పెట్టకండి, దొంగలు ఈమధ్య ముందు దాన్నే పీక్కుపోతున్నారు.

ఆరో పని: బయటకి వెళ్లే సేల్స్‌మన్

మన బోర్డర్ షాపుల సంగతి తెలిసిందే. పర్లాకిమిడి నుంచి సేల్స్‌మన్ పొద్దున బ్యాగు తగిలించుకుని పాతపట్నం, టెక్కలి, పలాస తిరిగి వస్తాడు, ఇంకొకడు గుణుపురం, రాయగడ వైపు. ఈ సరుక్కి షాపు సెక్షన్ పనికిరాదు, గుమ్మం దాటిన క్షణం నుంచి అది రెండో సెక్షన్ సరుకు. దానికి విడిగా అంకె ఉండాలి, ఒక మనిషి ఒకసారి గరిష్ఠంగా ఎంత పట్టుకెళ్తాడో కూడా రాయాలి. అక్కడ పది లక్షలు రాసి పెళ్లిళ్ల టైములో 180 గ్రాములు ఇచ్చి పంపితే, దారిలో పోతే పది లక్షల మీద ఉన్నదంతా మీదే.

ఎవరి చేతికి ఇస్తున్నారన్నది అంతకంటే ముఖ్యం. మన దగ్గర సేల్స్‌మన్ అంటే మేనల్లుడు, బావమరిది, పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు, వీళ్లే ఎక్కువ, జీతం పుస్తకంలో పేరుండదు. 2009లో సుప్రీంకోర్టు కేరళ నగల షాపు ఒకదాని కేసులో అప్రెంటిస్ చేతిలో ఉండగా పోయిన బంగారం గురించి, పాలసీలో ఉద్యోగి అని ఉంది, అప్రెంటిస్ ఉద్యోగి కిందకి రాడు అని ఇన్సూరెన్స్ కంపెనీ వైపే తీర్పిచ్చింది. కాబట్టి బ్యాగు మోసేవాడికి అపాయింట్‌మెంట్ లెటర్, బ్యాంకులో జీతం, హాజరు పుస్తకంలో పేరు ఉండాలి, చుట్టమైనా సరే. ఇవి లేనివాడికి బ్యాగు ఇవ్వకండి.

ఆ మనిషే బ్యాగుతో ఉడాయిస్తే? దానికి ఈ పాలసీ పలకదు. దారిలో ఎవడో కొట్టి లాక్కుంటే ఇస్తుంది, మీ ఉద్యోగి మోసం చేస్తే, లేదా దొంగలతో కుమ్మక్కయితే ఇవ్వదు. అది కావాలంటే ఫిడిలిటీ గ్యారంటీ అని విడిగా తీసుకోవాలి, ఆ మనిషి పేరో హోదానో రాసి.

బ్యాగు వెళ్లే ప్రతిసారీ డెలివరీ చలానా రాయండి, నగ నగకీ గ్రాములతో, సేల్స్‌మన్ సంతకంతో, ఒక కాపీ షాపులో. బంగారం నగలకి రాష్ట్రం దాటినా ఈ-వే బిల్లు అక్కర్లేదు కదా అని చలానా కూడా మానేస్తారు చాలామంది, అది తప్పు, జీఎస్టీకీ కావాలి, రేపు ఆ బ్యాగులో ఏముందో నిరూపించడానికీ అదొక్కటే కాగితం. సాయంత్రం తిరిగొచ్చాక అమ్మినది కొట్టేసి, మిగిలింది తూకం వేసి, అదే చలానా మీద రాసేయాలి.

దారిలో రూలు ఒకటే గట్టిగా చెప్పండి, బ్యాగు ఒంటిమీద నుంచి దిగకూడదు. బండి డిక్కీలో పెట్టి టీ తాగడానికి వెళ్తే, ఆ బండిని మనిషి లేకుండా వదిలేసినట్టు లెక్క, ఆ సరుక్కి కవర్ ఉండదు. బస్సులో పైన పెట్టి నిద్రపోయినా ఇదే గొడవ. రాత్రి బయట బస చేయాల్సి వస్తే సరుకు ఎక్కడ పెట్టాలో మీ పాలసీ ఏం చెప్తుందో చూసి ఆ కాగితం సేల్స్‌మన్‌కి తెలుగులో రాసివ్వండి, వాడు ఇంగ్లీషు పాలసీ చదవడు.

ఏడో పని: ఆచారి దగ్గర ఉన్నది, తాకట్టు నగలు

పనికి ఇచ్చిన బంగారం రెండో సెక్షన్‌లోకే వస్తుంది, పనివాళ్ల జాబితా ఇస్తే మంచిది, కానీ పని చేస్తుండగా నగ పాడైతే, ఆచారే మోసం చేస్తే రాదు. తాకట్టు పెట్టుకున్నవి, రిపేరుకి వచ్చినవి మీ సొంత సరుకు కాదు, పరాయి సొత్తు మా దగ్గర ఉంటుంది అని పాలసీలో రాయించకపోతే అది పోయినప్పుడు గుమ్మం ముందు నిలబడేది కస్టమరు, సమాధానం చెప్పాల్సింది మీరు.

ఎనిమిదో పని: నిజంగా పోతే

ముందు ఏదీ ముట్టుకోకండి, షట్టర్, తాళం, అద్దాలు అలాగే ఉంచి ఫోటోలు తీయండి. ఠాణాకి వెళ్లండి, అదే రోజు ఇన్సూరెన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి, ఏజెంట్‌కి ఫోన్ చేయడం చెప్పినట్టు కాదు. ఒడిశా వైపు ఎఫ్ఐఆర్ ఒడియాలో రాస్తారు, మనలో మాట్లాడ్డం వచ్చినా చదవడం రానివాళ్లు బోలెడు మంది, కాబట్టి సంతకం పెట్టే ముందు చదవగలిగిన మనిషితో గ్రాములు, పీసులు, ఎక్కడి నుంచి పోయింది అన్నవి చదివించుకోండి. కంగారులో "షాపులో నుంచి ఓ అరకిలో పోయింది" అని నోటికొచ్చింది చెప్తే, తరవాత పుస్తకంలో 310 గ్రాములు తేలితే, సర్వేయర్ మొదట పట్టుకునేది ఆ తేడానే. లెక్క తేలకపోతే ప్రస్తుతానికి ఇంత తెలిసింది, పూర్తి జాబితా ఇస్తాం అని రాయించండి.

సేల్స్‌మన్‌ని టెక్కలి దగ్గర కొట్టి లాక్కున్నారనుకోండి, జరిగింది ఆంధ్రాలో, షాపు ఒడిశాలో. మా పరిధి కాదు అని ఇక్కడా అక్కడా తిప్పితే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో పరిధితో పని లేకుండా ఏ ఠాణాలో అయినా కేసు తీసుకోవాలని ఉంది, తరవాత వాళ్లే అసలు ఠాణాకి పంపుతారు. మీరు చూడాల్సింది ఆలస్యం కాకుండా, ఎందుకంటే రెండు రోజుల తరవాత ఎఫ్ఐఆర్ అంటే ఆ రెండు రోజులు ఏం చేశారన్న ప్రశ్న వస్తుంది.

సర్వేయర్ వచ్చినప్పుడు అడిగేవి దాదాపు ఇవే: కొనుగోలు బిల్లులు, అమ్మకం బిల్లులు, స్టాక్ రిజిస్టర్, జీఎస్టీ రిటర్నులు, చలానాలు, కెమెరా రికార్డింగు, సేఫ్ తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో. వీటన్నిటి మధ్యా గ్రాములు కలవాలి. బిల్లు లేకుండా కొన్న పాత బంగారం, బిల్లు లేకుండా అమ్మిన సరుకు ఉంటే ఆ లెక్క ఇక్కడే విరిగిపోతుంది. మొన్న ఒకాయన నన్ను అడిగారు, "బిల్లు లేని సరుకు ఎంత పోయిందో చెప్తే ఇస్తారా గురువు గారూ" అని. ముందు జీఎస్టీ వాళ్లకి చెప్పుకుని తరవాత వీళ్ల దగ్గరకి వెళ్లండి అన్నాను. ఆయన నవ్వి, టీ చెప్పి, మాట మార్చేశారు.